కోడ్ వేరు, థీమ్ వేరు: హ్యాండౌట్‌లోని ఇంటర్వ్యూ ముక్కతో తరచుగా అడిగే ప్రశ్నలు

క్వాలిటేటివ్ రీసెర్చ్ క్లాసులో మేం పంచే హ్యాండౌట్ చివర ఒక ఇంటర్వ్యూ ముక్క ఉంటుంది. దాని పక్కన కొన్ని కోడ్‌లు, కింద రెండు థీమ్‌లు రాసి ఉంటాయి. క్లాసు అయ్యాక ఫోన్లో, మెయిల్లో వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా దాని గురించే. "కోడ్‌కీ థీమ్‌కీ తేడా అర్థమైందనుకున్నాను మేడం, నా ఇంటర్వ్యూ ముందేసుకుని కూర్చుంటే మళ్ళీ మొదటికొచ్చింది" అంటారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

## ముందు ఆ ఇంటర్వ్యూ ముక్క మళ్ళీ ఒకసారి చూపిస్తారా?

ఇది క్లాసు కోసం మేం రాసుకున్న ముక్క, ఏ ఒక్కరి ఇంటర్వ్యూ కాదు. మిరప కోతలకు వెళ్ళే ఒకావిడ, వయసు యాభై దాటింది, కొన్నేళ్ళుగా షుగర్ ఉంది. పరిశోధన ప్రశ్న ఇది: "షుగర్ ఉన్న వ్యవసాయ కూలీ మహిళలు తమ మందులను రోజువారీ జీవితంలో ఎలా నడుపుకుంటున్నారు?" అడుగుతున్నది ఒక విద్యార్థిని. ఆవిడ చెప్పిన ముక్కలకు మాత్రమే నంబర్లు ఇచ్చాం.

— షుగర్ బిళ్ళలు రోజూ వేసుకుంటున్నారా పిన్నీ?

(1) రోజూ అంటే... కూలి లేని రోజు వేసుకుంటానమ్మా.

(2) కోతలప్పుడు పొద్దున్నే ఆరింటికల్లా ఆటో వచ్చేస్తుంది. అప్పటికి అన్నం ఎక్కడ ఉడుకుతుంది? కాసిని టీ నీళ్ళు తాగి ఎక్కేస్తాను.

(3) తినకుండా బిళ్ళ వేసుకుంటే కళ్ళు తిరుగుతాయి. పోయినేడు చేలోనే కూలబడ్డాను. అప్పట్నుంచి కూలి ఉన్న రోజు వేసుకోను.

— మరి షుగర్ పెరగదా?

(4) పెరిగితే నాకు తెలిసిపోతుందిగా. అరికాళ్ళు మంటలు పుడతాయి. అప్పుడు రెండు పూటలా వేసుకుంటాను. మంట తగ్గితే ఆపేస్తాను.

— మీకు షుగర్ ఉందని మీ ముఠాలో వాళ్ళకి తెలుసా?

(5) అమ్మో, చెప్పలేదు. చెబితే ఇంక పిలవరు.

— ఇంట్లో వంట ఎలా?

(6) నా ఒక్కదానికి వేరే వండమని కోడల్ని ఎలా అడుగుతాను? అదీ కూలికెళ్ళొచ్చే వండుతుంది. అందరూ తినేదే నేనూ తింటాను, ఒక ముద్ద తగ్గించి.

— ఆసుపత్రిలో ఏమంటారు?

(7) బిళ్ళలెన్ని మిగిలాయో నర్సమ్మ చూస్తుంది. మిగిలితే తిడుతుంది. అందుకే మిగిలినవి డబ్బాలో పోసుకుని, ఖాళీ అట్టలు పట్టుకెళతాను.

## అయితే తేడా ఏంటి? ఒక్క మాటలో చెప్పండి.

కోడ్‌ని ట్రాన్‌స్క్రిప్ట్‌లో వేలుపెట్టి చూపించవచ్చు. థీమ్‌ని అలా చూపించలేం, వాదించి నిలబెట్టాలి.

కోడ్ అంటే ఆ ముక్క మీద మీరు అంటించిన చిన్న చీటీ. "ఇక్కడ ఈ సంగతి ఉంది" అని గుర్తు. మూడో ముక్క మీద "కూలి రోజు మాత్ర మానడం" అని చీటీ పెడితే, ఎవరైనా అక్కడికి వెళ్ళి చదివి "అవును, ఉంది" అనగలరు. థీమ్ ఏ ఒక్క ముక్కలోనూ ఉండదు. వేరువేరు చోట్ల ఉన్న చీటీలను పక్కపక్కన పెట్టి, వాటన్నిటినీ కలిపి పట్టే అర్థం ఏమిటో మీరు చెప్పే మాట అది. పరిశోధన ప్రశ్నకు జవాబులో ఒక భాగం అది.

అందుకే కోడ్ నాలుగైదు పదాలతో సరిపోతుంది. థీమ్‌కి మామూలుగా ఒక వాక్యం కావాలి.

## ఈ ముక్కకు కోడ్‌లు ఎలా పెట్టారు?

ముందు మొత్తం రెండుసార్లు చదివాం, ఏమీ రాయకుండా. వీలైతే రికార్డింగ్ కూడా వినాలి. మొదటి ముక్కలో "రోజూ అంటే..." దగ్గర ఆవిడ ఆగడం కాగితం మీద మూడు చుక్కలే. చెవితో వింటే అది చాలా చెబుతుంది. ఆ తర్వాత ఒక్కో ముక్క దగ్గర ఆగి, "మన ప్రశ్నకు పనికొచ్చేది ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడుగుతూ రాశాం.

- (1), (3): కూలి రోజు మాత్ర మానడం
- (2): తినకుండా పనికి బయల్దేరడం
- (3): చేలో పడిపోయిన అనుభవం
- (4): అరికాళ్ళ మంటతో షుగర్ అంచనా వేయడం
- (4): మంటను బట్టి మాత్రలు పెంచడం, ఆపడం
- (5): "చెబితే ఇంక పిలవరు"
- (6): కోడలిని అడగకపోవడం
- (6): ముద్ద తగ్గించుకోవడం
- (7): ఖాళీ అట్టలు చూపించడం

రెండు సంగతులు గమనించండి. ఒకే ముక్కకు రెండు కోడ్‌లు ఉండొచ్చు, నాలుగో ముక్కకు అలాగే ఉన్నాయి. ఒకే కోడ్ రెండు చోట్ల రావచ్చు, మొదటి కోడ్ అలాగే వచ్చింది. ఐదో ముక్కకు మా మాట పెట్టకుండా ఆవిడ మాటనే కొటేషన్‌లో ఉంచేశాం. మాట్లాడిన మనిషి మాటనే కోడ్‌గా వాడటాన్ని ఇన్ వివో కోడ్ అంటారు. ఆ మాట మార్చితే అర్థం జారిపోతుంది అనిపించినప్పుడు అలా చేయడం మంచిది. ఆ "పిలవరు" సంగతి కింద మళ్ళీ వస్తుంది.

## నేను "పని", "కుటుంబం", "ఆసుపత్రి" అని కోడ్‌లు పెట్టాను. తప్పా?

తప్పని కాదు, వాటితో ముందుకు పోలేరు. ఆరు నెలలు పోయాక, ట్రాన్‌స్క్రిప్ట్ చూడకుండా "కుటుంబం" అనే చీటీ ఒక్కటే చూస్తే ఆవిడ కుటుంబం గురించి ఏం చెప్పిందో మీకు గుర్తొస్తుందా? కోడలు బాగా చూసుకుంటోందా? గొడవ పడుతోందా? ఏమీ తెలియదు. "కోడలిని అడగకపోవడం" అని ఉంటే ట్రాన్‌స్క్రిప్ట్ తెరవకుండానే సగం సంగతి కళ్ళకు కడుతుంది.

అందుకే మా విద్యార్థులకు ఒక చిన్న అలవాటు నేర్పిస్తాం. కోడ్‌ని "-డం"తో ముగించండి. మానడం, దాచడం, అడగకపోవడం. ఆ "-డం" మిమ్మల్ని ఒక పని పేరు రాసేలా చేస్తుంది, విషయం పేరు దగ్గర ఆగనివ్వదు. ప్రతిచోటా కుదరదు, కానీ మొదటి నాలుగైదు ఇంటర్వ్యూల దాకా పట్టుదలగా అలాగే రాయండి.

"పని", "కుటుంబం" లాంటివి చాలావరకు మన ప్రశ్నావళి నుంచి వచ్చినవే. మనం అడిగిన శీర్షికలే మనకు కోడ్‌లుగా తిరిగొస్తున్నాయంటే, ఆవిడ చెప్పింది మనం ఇంకా వినలేదన్నమాట.

## నాలుగో ముక్కకు "అపోహ" అని కోడ్ పెట్టొచ్చు కదా?

ఇది ఎక్కువగా నర్సింగ్, ఫార్మసీ నేపథ్యం ఉన్నవాళ్ళు అడుగుతారు. వాళ్ళ ఆదుర్దా న్యాయమైనదే. అరికాళ్ళ మంటను బట్టి రక్తంలో షుగర్ ఎంతుందో చెప్పలేం. ఆ మంట చాలాకాలంగా షుగర్ అదుపులో లేక నరాలు దెబ్బతినడం వల్ల కూడా వస్తుంది. మంట తగ్గినంత మాత్రాన షుగర్ తగ్గిందని కాదు. ఇలాంటి మాట విన్న విద్యార్థిని ఇంటర్వ్యూ అయ్యాక ఆవిడని పరీక్షకు పంపే ప్రయత్నం చేయాలి. అది పరిశోధకురాలి బాధ్యత, విశ్లేషణతో సంబంధం లేకుండా.

కానీ "అపోహ" అని రాసిన క్షణంలో ఆ ముక్క మూసుకుపోతుంది. ఆవిడ తప్పు, మనం రైటు, అక్కడితో అయిపోయింది. "అరికాళ్ళ మంటతో షుగర్ అంచనా వేయడం" అని రాస్తే ప్రశ్నలు తెరుచుకుంటాయి. ఇంట్లో కొలిచే మిషన్ లేని మనిషి దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటుంది? మిగతావాళ్ళు కూడా ఇలాగే ఏదో ఒక గుర్తు పెట్టుకున్నారా? నోరు ఎండటమా, రాత్రి పదేపదే లేవడమా? కోడ్ తీర్పు చెప్పకూడదు. ఏం జరుగుతోందో చెప్పి ఊరుకోవాలి.

## సరే, కోడ్‌లు వచ్చాయి. అక్కడి నుంచి థీమ్‌కి ఎలా వెళ్ళారు?

ఇది అసలు ప్రశ్న, దీనికి తీరిగ్గా జవాబు చెప్పాలి. మేం మొదట చేసి, తర్వాత మార్చుకున్నది కూడా చెబుతాను. హ్యాండౌట్‌లో చివరి రూపమే ఉండటం వల్ల అది ఒక్కసారిగా వచ్చేసినట్టు అనిపిస్తుంది.

కోడ్‌లను చిన్న కాగితాల మీద రాసి బల్ల మీద పరిచాం. మొదట కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించింది "దాచడం". ముఠాలో చెప్పదు, నర్సమ్మకు ఖాళీ అట్టలు చూపిస్తుంది, కోడలిని అడగదు. మూడు కాగితాలూ ఒక కుప్పగా పెట్టి, "జబ్బును దాచుకోవడం" అని పేరు రాశాం. మిగిలిన ఆరు కాగితాలనూ "మందులు సరిగ్గా వేసుకోకపోవడం" అనే ఇంకో కుప్పలో పడేశాం. చూడటానికి చక్కగా ఉంది.

తర్వాత ప్రతి కుప్పనూ రెండు ప్రశ్నలు అడిగాం. ఇందులోవి అన్నీ నిజంగా ఒకే మాట చెబుతున్నాయా? ఈ పేరు మన పరిశోధన ప్రశ్నకు ఏమైనా జవాబు చెబుతోందా?

మొదటి కుప్ప వెంటనే విడిపోయింది. కోడలికి ఆవిడ జబ్బు తెలుసు, అక్కడ దాచేది ఏమీ లేదు. అడగకపోవడం వేరు, దాచడం వేరు. నర్సమ్మకైతే జబ్బు అందరికంటే ఎక్కువ తెలుసు. నర్సమ్మ దగ్గర దాచింది జబ్బుని కాదు, మిగిలిన మాత్రల్ని. జబ్బుని దాచింది ముఠా దగ్గర ఒక్కచోటే. మూడూ పైకి ఒకేలా కనిపించాయి, లోపల ఒక్కటి కాదు.

రెండో కుప్పది ఇంకో సమస్య. "మందులు సరిగ్గా వేసుకోకపోవడం" అన్నది ఆసుపత్రి చీటీలో రాసే మాట. ఆవిడ చెప్పినదాంట్లో అలాంటి నిర్లక్ష్యం ఎక్కడా లేదు. మళ్ళీ చదవండి. కూలి ఉంటే వేసుకోదు, లేకపోతే వేసుకుంటుంది. మంట వస్తే రెండు పూటలు, తగ్గితే ఆపడం. ఆవిడ దగ్గర పక్కా నియమాలున్నాయి. ఒకసారి చేలో కూలబడిన తర్వాత ఏర్పరచుకున్న నియమాలు అవి. నర్సమ్మ లెక్క అట్టలో మిగిలిన మాత్రలది. ఆవిడ లెక్క కూలి రోజులది, ఒంట్లో తెలిసే గుర్తులది.

ఇలా చూడగానే ఏడో ముక్కకు చోటు దొరికింది. నర్సమ్మ ముందు తన లెక్క చెప్పుకునే వీలు ఆవిడకు లేదు, చెబితే తిట్లు పడతాయి. అందుకే రెండు లెక్కలూ కలవని చోట ఖాళీ అట్టలు పెట్టింది. "ఖాళీ అట్టలు చూపించడం" అనే కాగితం మొదటి కుప్ప నుంచి రెండో కుప్పకు మారింది. దానికి ఇలా పేరు పెట్టాం:

థీమ్ 1: ఆసుపత్రికి ఒక లెక్క, ఆవిడకు ఒక లెక్క. మాత్రలు ఆవిడ లెక్క ప్రకారం నడుస్తాయి.

"ముద్ద తగ్గించుకోవడం" మాత్రల లెక్క కాదు కాబట్టి దాన్ని రెండో కుప్పలోంచి బయటికి తీశాం. ఇప్పుడు మిగిలినవి "చెబితే ఇంక పిలవరు", "కోడలిని అడగకపోవడం", "ముద్ద తగ్గించుకోవడం". ఒకటి పనిచోట, రెండు ఇంట్లో. విషయాలను బట్టి కుప్పలు పెట్టేవాళ్ళు వీటిని ఎప్పటికీ కలపరు. కానీ దగ్గరగా చూస్తే, రెండు చోట్లా ఆవిడ ఒకే పని చేస్తోంది. ముఠాలో ఇంకా కోతకు పనికొచ్చే మనిషిగా ఉండాలి, ఇంట్లో ఒకరి మీద పడే మనిషి కాకూడదు. అందుకోసం జబ్బు ఖర్చు తనే భరిస్తోంది, అక్కడ నోరు మెదపకుండా, ఇక్కడ ఒక ముద్ద తగ్గించుకుని.

థీమ్ 2: ఎవరికీ బరువు కాకుండా ఉండటానికి జబ్బును తన ఒక్కదాని మీదే మోసుకోవడం.

తొమ్మిది కోడ్‌లూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి. ఈ రెండు వాక్యాలు మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎక్కడా లేవు. అయినా ఆవిడ చెప్పినదానికి కట్టుబడే ఉన్నాయి. తేడా అంతా అక్కడే ఉంది.

## "ఇంటర్వ్యూల నుంచి థీమ్‌లు బయటపడ్డాయి" అని రాస్తుంటారు. అది సరైనదేనా?

చాలా థీసిస్‌లలో కనిపించే వాక్యం ఇది, నేను కూడా ఒకప్పుడు రాశాను. ఇప్పుడు రాయను. పైన చూశారు కదా, థీమ్ తనంతట తాను బయటికి రాలేదు. మేం ఒక కుప్ప పెట్టాం, అది విడిపోయింది, కాగితం మార్చాం, పేరు మార్చాం. బయటపడ్డాయి అంటే ఆ పనంతా ఎవరూ చేయనట్టు అవుతుంది. ఇంకొకరు ఇదే ముక్క చదివి వేరే థీమ్ కట్టవచ్చు కూడా.

థీమాటిక్ ఎనాలిసిస్‌కి ఎక్కువమంది వాడే ఆరు దశల పద్ధతి వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ 2006లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అందులో మూడో దశ పేరు మొదట "థీమ్‌ల కోసం వెతకడం". తర్వాత వాళ్ళే ఆ పేరు మార్చి, మొదటి విడత థీమ్‌లను "తయారుచేయడం" అనే అర్థం వచ్చేలా పెట్టారు. వెతకడం అంటే అవి ముందే అక్కడ దాగి ఉన్నాయనే అర్థం వస్తుందని. మీ రిపోర్టులో "మేం ఈ థీమ్‌ను ఇలా రూపొందించాం" అని రాయండి. ఎగ్జామినర్ అడిగినప్పుడు నిజాయితీగా జవాబు చెప్పగలుగుతారు.

## ఎక్కువసార్లు వచ్చిన కోడే థీమ్ అవుతుందా?

కాదు. ఈ ముక్కలో రెండుసార్లు వచ్చిన కోడ్ ఒక్కటే, "కూలి రోజు మాత్ర మానడం". అది థీమ్ 1లో ఒక ముక్క మాత్రమే. "ఖాళీ అట్టలు" ఒక్కసారే వచ్చింది. కానీ అది లేకపోతే రెండు లెక్కలు ఢీకొంటున్నాయన్న సంగతే మనకు తెలిసేది కాదు.

లెక్కపెట్టడం వద్దనను. ఎంతమంది ఇంటర్వ్యూల్లో ఒక కోడ్ కనిపించిందో తెలిస్తే, ఒకే మనిషి మాటను అందరి మాటగా రాయకుండా జాగ్రత్తపడతాం. అంతవరకే.

## ఒక్క ఇంటర్వ్యూ ముక్కతో థీమ్ చెప్పేయొచ్చా?

చెప్పకూడదు. హ్యాండౌట్‌లో ఉన్నవి కచ్చా థీమ్‌లు, దారి చూపించడానికి రాసినవి. అసలు పరిశోధనలో ఇంటర్వ్యూలన్నీ కోడ్ చేశాక, ఆ కోడ్‌లన్నిటినీ కలిపి చూస్తూ థీమ్‌లు కట్టాలి. కట్టాక మళ్ళీ ట్రాన్‌స్క్రిప్ట్‌ల మీదకు వెళ్ళి పరీక్షించాలి. అలా పరీక్షించేటప్పుడు మీ థీమ్‌కి ఒప్పని మనిషి కోసం కావాలనే చూడండి.

ఉదాహరణకు ఇంకో ఇంటర్వ్యూలో ఒకావిడ ఇలా అందనుకోండి: "మా ముఠాలో నలుగురికి షుగరే. పదింటికి అందరం గట్టు మీద కూర్చుని సద్ది తిని బిళ్ళ వేసుకుంటాం." థీమ్ 2 కదిలిపోతుంది. ఇక్కడ జబ్బుని దాచాల్సిన అవసరమే లేదు, ముఠా అంతా కలిసి మోస్తోంది. ఇలాంటి ఇంటర్వ్యూ దొరికితే విద్యార్థులు టెన్షన్ పడతారు, "నా థీమ్ పోయింది మేడం" అని. పోలేదు. ఇప్పుడు మీకు అంతకంటే మంచి ప్రశ్న దొరికింది: ఏ ముఠాలో చెప్పుకోగలరు, ఏ ముఠాలో చెప్పుకోలేరు? మేస్త్రి ఎవరన్నదాన్ని బట్టా, ఒకే వీధి వాళ్ళు కావడాన్ని బట్టా? థీమ్ 2ని దానికి తగ్గట్టు తిరగరాయాలి. ఆ ఇంటర్వ్యూని పక్కన పెట్టేయడం మాత్రం చేయకండి.

## తెలుగులో కోడ్ చేయాలా, ఇంగ్లీషులోకి అనువాదం చేశాక చేయాలా?

వీలైతే తెలుగు ట్రాన్‌స్క్రిప్ట్ మీదే చేయండి. థీసిస్ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా సరే.

ఐదో ముక్కే చూడండి. "చెబితే ఇంక పిలవరు." ఇంగ్లీషులోకి మార్చిన ఒక విద్యార్థి దీన్ని ఫోన్ చేయరు అనే అర్థంలో రాశాడు, ఇంకొకరు పేరంటానికి పిలవరు అన్నట్టు రాశారు. ఆ అనువాదం మీద కోడ్ చేసినవాళ్ళు "చుట్టూ ఉన్నవాళ్ళు దూరం పెట్టడం" అని పెట్టారు. మిరప కోతల ఊళ్ళో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ముఠాలో పిలవకపోవడం అంటే ఆ రోజు కూలి పోవడం. ఆవిడ భయం వెలివేత గురించి కాదు, కూలి డబ్బుల గురించి. ఒక్క క్రియ అనువాదంలో జారితే కోడ్ మారింది, కోడ్‌తోపాటు థీమ్ కూడా దారి తప్పింది.

కోడ్‌లు తెలుగులో పెట్టి, థీమ్‌ల దశలో ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చు. గైడ్‌కి తెలుగు రాకపోతే కోడ్ పక్కన ఇంగ్లీషు అర్థం ఒక కాలమ్‌లో రాసి చూపించండి. అసలు మాట మాత్రం మొదటి కాలమ్‌లో అలాగే ఉండాలి.

## థీమ్‌ని "ఇతివృత్తం" అనొచ్చా?

కొన్ని పుస్తకాల్లో ఉంది, తప్పు కాదు. కానీ ఇతివృత్తం అనగానే మనకు కథాంశం గుర్తొస్తుంది. "ఈ నవల ఇతివృత్తం కరువు" అంటాం, అంటే కథ దేని గురించో చెబుతాం. ఆ అలవాటుతో విద్యార్థులు థీమ్‌ని "దేని గురించి" అనే పేరుగా రాసేస్తారు: "షుగర్, పని". ఇక్కడ కావాల్సింది దేని గురించో కాదు, దాని గురించి ఏం చెబుతున్నామో. అందుకే క్లాసులో థీమ్ అనే అంటాను.

## ఇద్దరం కలిసి కోడ్ చేస్తున్నాం. మా కోడ్‌లు ఒకేలా రావాలా?

మీ పద్ధతిని బట్టి. ముందే కోడ్‌బుక్ తయారుచేసుకుని, అందరూ దాన్నే వాడే పద్ధతిలో ఇద్దరి మధ్య పొంతన చూస్తారు, కప్పా లాంటి లెక్క కూడా వేస్తారు. బ్రాన్, క్లార్క్ చెప్పే రిఫ్లెక్సివ్ పద్ధతిలో ఆ లెక్క పెట్టరు. అక్కడ ఇద్దరు ఉండటం వల్ల లాభం ఏకాభిప్రాయం కాదు, ఒకరికి కనిపించనిది ఇంకొకరికి కనిపించడం. రెండు పద్ధతులనూ కలిపి "రిఫ్లెక్సివ్ పద్ధతిలో చేశాం, కప్పా ఇంత వచ్చింది" అని రాస్తే అవి ఒకదానితో ఒకటి పొసగవు.

## సాఫ్ట్‌వేర్ కావాలా?

పదీ పదిహేను ఇంటర్వ్యూలకు Excel చాలు. ఒక కాలమ్‌లో ఇంటర్వ్యూ నంబరు, తర్వాత ముక్క నంబరు, ఆవిడ మాట, కోడ్, మీ నోట్. ఉచితంగా కావాలంటే Taguette, QualCoder ఉన్నాయి. యూనివర్సిటీలో NVivo ఉంటే అదీ వాడొచ్చు.

ఒక్క జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌లను ఒకదాని కింద ఒకటి చెట్టులా పెట్టుకోవచ్చు. పైన ఉన్న కొమ్మకు ఏ పేరు పెడితే అదే థీమ్ అని విద్యార్థులు అనుకుంటారు. "కుటుంబం" అనే కొమ్మ కింద పది కోడ్‌లు వేలాడదీసినంత మాత్రాన అది థీమ్ కాదు, ఒక ఫోల్డర్ అంతే.

## నేను రాసింది నిజంగా థీమేనా అని ఎలా తెలుసుకోవాలి?

దాన్ని గట్టిగా చదివి, "అయితే?" అని అడగండి. "పని, ఆరోగ్యం" అని చదివి అయితే అంటే జవాబు లేదు. "ఆసుపత్రికి ఒక లెక్క, ఆవిడకు ఒక లెక్క" అని చదివి అయితే అంటే, "అయితే మాత్రలు మిగిలాయా లేదా అని చూసి తిట్టడం వల్ల ఆవిడ లెక్క ఎప్పటికీ ఆసుపత్రికి తెలియదు" అని చెప్పగలం. ఇంకో పరీక్ష ఏంటంటే, దీన్ని ఎవరైనా కాదనగలరా? "కుటుంబం" అనేదాన్ని ఎవరూ కాదనలేరు, ఎందుకంటే అది ఏమీ అనడం లేదు. థీమ్ 2ని ఆ సద్ది తినే ముఠా కాదనింది.

నా మొదటి పరిశోధనలో ఐదు థీమ్‌లు రాశాను. వైవాలో ఎగ్జామినర్ నా ప్రశ్నావళిని, థీమ్‌ల జాబితాను పక్కపక్కన పెట్టి చూపించారు. వరుసతో సహా రెండూ ఒకటే. ఇరవై మంది చెప్పిన మాటలు ఆ ఐదు శీర్షికల కింద సర్ది పెట్టాను తప్ప, ఏం విన్నానో చెప్పలేదు. అధ్యాయం మళ్ళీ రాయడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మా విద్యార్థులందరినీ వైవాకి ముందే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోమంటాను.

## రిపోర్టులో థీమ్‌ని ఎలా రాయాలి? కోడ్‌లన్నీ చూపించాలా?

కోడ్‌ల పట్టిక అనుబంధంలో పెట్టండి. అధ్యాయంలో థీమ్ శీర్షికగా ఉండాలి, దాని కింద మీ వాదన, మధ్యలో వాళ్ళ మాటలు. కొటేషన్ల మీద కొటేషన్లు పేర్చి, ఒకటో రెండో వాక్యాలతో కలిపేయకండి. మాట ఇచ్చాక, అది ఏం చూపిస్తోందో మీరే చెప్పాలి. థీమ్ 1 కింద ఒక పేరా ఇలా ఉండొచ్చు:

"ఈ మహిళకు మాత్రలు మానడం మరుపు కాదు, అజాగ్రత్తా కాదు. పొద్దున్నే ఆరింటికి ఆటో వచ్చేసరికి తినే వీలుండదు, తినకుండా వేసుకుంటే కళ్ళు తిరుగుతాయి. ఒకసారి 'చేలోనే కూలబడ్డాను' అని చెప్పిన తర్వాత వెంటనే 'అప్పట్నుంచి కూలి ఉన్న రోజు వేసుకోను' అంటుంది. ఆ 'అప్పట్నుంచి' అన్న మాటలో ఒక నిర్ణయం ఉంది. ఆసుపత్రిలో మాత్రం ఈ నిర్ణయాన్ని మిగిలిన మాత్రల సంఖ్యగానే చూస్తారు. 'మిగిలితే తిడుతుంది' కాబట్టి ఆమె ఖాళీ అట్టలు తీసుకెళుతుంది. దాంతో ఆసుపత్రి లెక్కలో ఆమె మాత్రలన్నీ వేసుకున్నట్టే. మిగిలిన బిళ్ళలు ఇంట్లో డబ్బాలో ఉన్నాయి."